ఇంటి వైఫైకి డబ్ల్యూపీఏ2 పెట్టాలా, డబ్ల్యూపీఏ3 పెట్టాలా? పాచికలతో పాస్‌వర్డ్ తయారుచేసుకోవడం ఎలా?

రౌటర్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ సెక్యూరిటీ పేజీ తెరిస్తే ఒక చిన్న జాబితా కనిపిస్తుంది: `WPA2-PSK [AES]`, `WPA2/WPA3-Personal`, `WPA3-Personal`. కొన్ని రౌటర్లలో చివరిదాన్ని `WPA3-SAE` అని రాస్తారు. చాలామంది మధ్యది ఎంచుకుని, పాత పాస్‌వర్డే ఉంచేసి బయటికి వచ్చేస్తారు. రెండూ ఉన్నాయి కదా, సేఫ్‌గా ఉంటుంది అనుకుంటారు. ఆ మధ్య మోడ్‌లో మీ పాస్‌వర్డ్‌కి ఉండే రక్షణ మాత్రం డబ్ల్యూపీఏ2 స్థాయిదే. అందుకే పాస్‌వర్డ్ పని ముందు పూర్తిచేసి, మోడ్ సంగతి తర్వాత చూద్దాం. పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే ఏ మోడ్‌లో ఉన్నా టెన్షన్ తగ్గుతుంది. మోడ్ ఎంత కొత్తదైనా, పెట్టిన పాస్‌వర్డ్ ఫోన్ నంబరే అయితే దాని బలం సగం వృథా.

ముందు, తేడా ఎక్కడుందో

డబ్ల్యూపీఏ2 వచ్చింది 2004లో. మీ ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు ఫోన్, రౌటర్ నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. దీన్నే హ్యాండ్‌షేక్ అంటారు. అందులో పాస్‌వర్డ్ నేరుగా ఉండదు కానీ, దాని నుంచి లెక్కగట్టిన ఒక ముద్ర ఉంటుంది. సిగ్నల్ అందే దూరంలో ఉన్న ఎవరైనా దాన్ని రికార్డు చేసుకోవచ్చు. మీరు కనెక్ట్ అయ్యేదాకా వాళ్లు ఆగాల్సిన పని కూడా లేదు. "కనెక్షన్ తెంచుకో" అనే దొంగ సందేశాన్ని మీ ఫోన్‌కి పంపితే, అది విడిపోయి మళ్లీ దానంతట అదే కలుస్తుంది. మీకు మాత్రం వైఫై ఒక క్షణం పోయి వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే.

ఆ రికార్డింగ్ ఇంటికి తీసుకెళ్లాక ఇక మీ రౌటర్‌తో పనేం లేదు. వాళ్ల కంప్యూటర్‌లోనే ఒక్కో పాస్‌వర్డ్ ఊహించి, ముద్ర సరిపోయిందా లేదా అని చూసుకుంటూ పోతారు. తప్పు ఊహలు ఎన్ని వేసినా మీకు తెలిసే దారి లేదు. ఒక్కో ఊహకి 4096 సార్లు తిప్పి లెక్కగట్టాల్సి రావడం ఒక్కటే వాళ్లకి అడ్డు. అయినా ఆర్‌టీఎక్స్ 4090 లాంటి ఒక్క గ్రాఫిక్స్ కార్డు సెకనుకి సుమారు 25 లక్షల ఊహలు పరీక్షిస్తుంది.

2018లో ప్రకటించిన డబ్ల్యూపీఏ3 సరిగ్గా ఈ రంధ్రాన్నే మూసింది. ఇందులో పాస్‌వర్డ్ సరిచూసుకునే పద్ధతి పేరు ఎస్‌ఏఈ. రికార్డు చేసుకుని ఇంటికి తీసుకెళ్లినా, ఊహ సరైనదో కాదో చెప్పే ముద్ర అందులో దొరకదు. ఒక్కో ఊహని మీ రౌటర్‌ దగ్గరే, ఒక్కొక్కటిగా పరీక్షించుకోవాలి. సెకనుకి లక్షల మాట మరచిపోవాల్సిందే. కనెక్షన్ తెంచే దొంగ సందేశాలని అడ్డుకునే రక్షణ కూడా ఇందులో తప్పనిసరి.

ఇంకో లాభం గురించి తక్కువమంది మాట్లాడుకుంటారు. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు, హ్యాండ్‌షేక్ కూడా పట్టుకోగలిగితే, అదే వైఫైలో ఉన్న మిగతావాళ్ల ట్రాఫిక్‌ని విప్పి చూడగలరు. ఇవాళ రికార్డు చేసి పెట్టుకుని, ఏడాది తర్వాత పాస్‌వర్డ్ తెలిసినా ఆ పాతదంతా విప్పుకోవచ్చు. డబ్ల్యూపీఏ3లో ఇది కుదరదు. వచ్చిపోయేవాళ్లందరికీ పాస్‌వర్డ్ ఇచ్చే ఇళ్లలో డబ్ల్యూపీఏ3కి మారడానికి ఈ ఒక్క కారణం చాలని నా అభిప్రాయం.

మీ పాస్‌వర్డ్ ఎంతసేపు నిలుస్తుంది?

సెకనుకి 25 లక్షల ఊహలు అన్న లెక్కనే పట్టుకుని చూద్దాం. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్ పెట్టారనుకోండి, ఏదో పుట్టినతేదీ లాగా. మొత్తం 10 కోట్ల అవకాశాలు. అన్నీ అయిపోవడానికి 40 సెకన్లు. పది అంకెల ఫోన్ నంబరైతే 1000 కోట్లు. అంటే దాదాపు గంటా ఏడు నిమిషాలు.

"నాది అంకెలు కాదు, పేరు, ఆ తర్వాత @ గుర్తు, ఆపైన సంవత్సరం" అంటారా? లక్ష పేర్ల జాబితా తీసుకోండి. ఒక్కోదానికి వంద సంవత్సరాలు, మధ్యలో పెట్టే గుర్తులు ఓ పది, చిన్న పెద్ద అక్షరాల తీరులు ఓ నాలుగు. గుణిస్తే 40 కోట్లు. అంటే 160 సెకన్లు. ఇందులో పెద్దక్షరం ఉంది, గుర్తు ఉంది, అంకెలు ఉన్నాయి. రౌటర్ పేజీ దీన్ని చూసి ఆకుపచ్చ గీతతో `Strong` అని కూడా చూపించవచ్చు. ఆ గీతని నమ్మకండి. అది ఏ రకం అక్షరాలున్నాయో చూస్తుంది తప్ప, మనుషులు పాస్‌వర్డ్‌లు ఎలా అల్లుతారో దానికి తెలియదు. పగలగొట్టేవాళ్లకి తెలిసిందల్లా అదే.

అంటే బలం రావాల్సింది మన తెలివి నుంచి కాదు, యాదృచ్ఛికత నుంచి. పాచికలు వేసి వచ్చింది వచ్చినట్టు తీసుకోవడం అన్నిటికన్నా తేలిక.

గుణింతం గడి: రెండు పాచికలు, పన్నెండుసార్లు వేయడం

పాచికలతో ఇంగ్లిష్ పదాలు ఎంచుకునే పద్ధతి డైస్‌వేర్ పేరుతో 1995 నుంచీ ఉంది. 7776 పదాల జాబితాలో ఒక్కో పదానికి ఐదు పాచికలు. ఐదు పదాలు తీసుకుంటే చాలా గట్టిగా ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో ఇబ్బంది లేనివాళ్లు అదే వాడుకోవచ్చు. కానీ వైఫై పాస్‌వర్డ్‌ని మనం టీవీ రిమోట్‌తో కొడతాం, పక్క గదిలో ఉన్నవాళ్లకి కేకేసి చెబుతాం. అక్కడ అసలు తలనొప్పి స్పెల్లింగే. పోనీ తెలుగు పదాలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాద్దామంటే `chettu` అంటారొకరు, `cettu` అంటారింకొకరు.

దానికి బదులు పదాలు లేకుండా, ఉత్త గుణింతాలతోనే పని కానివ్వచ్చు. ఒక కాగితం మీద ఈ గడి వేసుకోండి.

```
      1    2    3    4    5    6
1    ka   ki   ku   ke   ko   kai
2    ma   mi   mu   me   mo   mai
3    na   ni   nu   ne   no   nai
4    pa   pi   pu   pe   po   pai
5    ra   ri   ru   re   ro   rai
6    sa   si   su   se   so   sai
```

ఒత్తులు, మహాప్రాణాలు, త-ట-ద-డ గొడవ లేని ఆరు హల్లులే ఇందులో ఉన్నాయి. వింటే ఎలా రాయాలో ఒకటే దారి. దీర్ఘమా హ్రస్వమా అన్న పట్టింపు కూడా లేదు. "కా" అన్నా "క" అన్నా `ka` అనే కొట్టాలని ఇంట్లోవాళ్లకి ఒక్కసారి చెబితే చాలు.

ఇప్పుడు రెండు వేరువేరు రంగుల పాచికలు తీసుకోండి. ఒక రంగు అడ్డవరుసకి, రెండోది నిలువు వరుసకి. ఏ రంగు దేనికో వేసే ముందే అనుకోవాలి. ఒక్కటే పాచిక ఉంటే రెండుసార్లు వేయండి, మొదటిది అడ్డవరుస. ఇలా పన్నెండు గుణింతాలు తీయాలి.

ఉదాహరణకి వరసగా ఇవి పడ్డాయనుకుందాం: 5-3, 1-6, 4-2, 3-1, 6-5, 2-4, 4-2, 1-1, 5-6, 6-3, 3-5, 2-2. గడిలో చూస్తే `ru`, `kai`, `pi`, `na`, `so`, `me`, `pi`, `ka`, `rai`, `su`, `no`, `mi`. మూడేసి కలిపి మధ్యలో అడ్డగీత పెడితే:

```
rukaipi-nasome-pikarai-sunomi
```

రుకైపి, నసోమే, పికరై, సునోమి. అర్థం లేకపోయినా నోరు తిరుగుతుంది. నాలుగైదుసార్లు కొట్టేసరికి వేళ్లకి కూడా అలవాటవుతుంది. అన్నీ చిన్నక్షరాలే కాబట్టి రిమోట్‌తో కీబోర్డు మార్చుకునే బాధ అడ్డగీత దగ్గర మాత్రమే ఉంటుంది. అది కూడా వద్దంటే తీసేయండి, బలం తగ్గదు. అడ్డగీతలతో కలిపి మొత్తం 29 అక్షరాలు. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ అచ్చయిన ఈ పాస్‌వర్డ్‌ని మాత్రం వాడకండి, మీది మీరు వేసుకోండి.

బలం లెక్క కూడా చూద్దాం. గడిలో 36 గళ్లు, పాచికలు వేసేది పన్నెండుసార్లు. 36ని పన్నెండుసార్లు గుణిస్తే 47 తర్వాత పదిహేడు సున్నాలంత సంఖ్య వస్తుంది. సెకనుకి 25 లక్షల చొప్పున అన్నీ చూడటానికి సుమారు 60,000 సంవత్సరాలు. వెయ్యి కార్డులు ఒకేసారి పెట్టినా 60 సంవత్సరాలు. గడి మొత్తం పగలగొట్టేవాళ్ల చేతిలో ఉందనుకునే వేసిన లెక్క ఇది. కాబట్టి గడిని దాచుకోవాల్సిన అవసరం లేదు, పాచికలు ఎలా పడ్డాయన్నది తెలియకపోతే చాలు. ఇంకా కావాలంటే మళ్లీ పాచికలు వేసి ఇంకో రెండు గుణింతాలు చేర్చండి. పని 1296 రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ జనం చెడగొట్టుకునేది ఒకే చోట. "పి రెండుసార్లు వచ్చింది, బాగాలేదు, మళ్లీ వేద్దాం" అంటారు. లేదా నాలుగైదు వేసి వాటిలో ముద్దుగా ఉన్నది ఎంచుకుంటారు. మన ఇష్టం దూరిన కొద్దీ ఊహించడం తేలికవుతుంది. మొదటిసారి పడ్డదే ఖాయం. `pi` రెండుసార్లు రావడం వల్ల నష్టమేమీ లేదు.

మీ రౌటర్ పెద్దక్షరం, అంకె ఉండి తీరాలని మొండికేస్తే చివర `A1` తగిలించండి. దాని వల్ల బలం పెరిగిందని మాత్రం అనుకోవద్దు, అది రౌటర్ నోరు మూయించడానికే. తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టే ప్రయత్నం చేయకండి. వైఫై పాస్‌వర్డ్‌లో ఇంగ్లిష్ కీబోర్డు అక్షరాలే చెల్లుతాయి. ఒకవేళ రౌటర్ ఒప్పుకున్నా ప్రింటరో టీవీయో ఒప్పుకోదు. మొదట్లో, చివర ఖాళీ కూడా వద్దు. కంటికి కనపడదు, కనెక్ట్ ఎందుకు కావట్లేదో అర్థం కాక గంట పోతుంది.

ఇప్పుడు మోడ్: మీ పరికరాలే చెబుతాయి

ఒక కాగితం మీద ఇంట్లో వైఫై వాడే వస్తువులన్నీ రాయండి. ఫోన్లలో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 నుంచి డబ్ల్యూపీఏ3 సదుపాయం ఉంది. కాకపోతే ఆండ్రాయిడ్‌లో లోపలి వైఫై చిప్ కూడా ఒప్పుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి.

```
netsh wlan show drivers
```

వచ్చే జాబితాలో `WPA3-Personal` ఉంటే సరే. లేకపోతే వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. 2020 జూలై నుంచి వైఫై సర్టిఫికేషన్‌కి వచ్చే కొత్త పరికరాలకి డబ్ల్యూపీఏ3 తప్పనిసరి చేశారు. కానీ చవక స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు చాలావరకు ఆ సర్టిఫికేషన్ జోలికే వెళ్లవు. పాత ప్రింటర్ల సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నీ డబ్ల్యూపీఏ3 పలికితే ఆలోచించేదేమీ లేదు, `WPA3-Personal` ఒక్కటే పెట్టండి. కానీ అలాంటి ఇళ్లు తక్కువ. మామూలుగా కనిపించే ఇల్లు ఇలా ఉంటుంది: మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ కొత్తవే. ఒక పాత ప్రింటర్, రెండు స్మార్ట్ ప్లగ్గులు మాత్రం డబ్ల్యూపీఏ2 దగ్గరే ఆగిపోయాయి.

జాబితాలో మధ్యదైన `WPA2/WPA3-Personal`, అంటే మిశ్రమ మోడ్ పెడితే ఈ ఇంట్లో అన్నీ పనిచేస్తాయి. కొత్త ఫోన్లు డబ్ల్యూపీఏ3తోనే కలుస్తాయి. చిక్కెక్కడంటే, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే. ప్లగ్గు డబ్ల్యూపీఏ2తో కలిసేటప్పుడు ఆ హ్యాండ్‌షేక్‌ని రికార్డు చేసుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ఎవరైనా మీ వైఫై పేరుతోనే, డబ్ల్యూపీఏ2 మాత్రమే ఉన్న దొంగ వైఫై పెడితే, మిశ్రమ మోడ్‌లో సేవ్ చేసుకున్న కొత్త ఫోన్ కూడా దానితో డబ్ల్యూపీఏ2లో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. కనెక్షన్ పూర్తికాకపోయినా, రెండో సందేశం అందితే చాలు, వాళ్లకి ముద్ర దొరికినట్టే. 2019లో డ్రాగన్‌బ్లడ్ పేరుతో బయటపెట్టిన లోపాల్లో ఇదీ ఒకటి. పాచికల పాస్‌వర్డ్ ఉంటే ఆ ముద్రతో వాళ్లకి ఒరిగేదేమీ లేదు. పేరు, సంవత్సరం బాపతు పాస్‌వర్డ్ అయితే ఆ రాత్రికే పని అయిపోతుంది.

ఇంతకన్నా మంచి ఏర్పాటు రెండు నెట్‌వర్క్‌లుగా విడదీయడం. ప్రధాన నెట్‌వర్క్‌కి డబ్ల్యూపీఏ3 మాత్రమే. రౌటర్‌లో ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌కి `WPA2-PSK [AES]`, మళ్లీ పాచికలు వేసి తీసిన వేరే పాస్‌వర్డ్. ప్లగ్గులు అక్కడికి పోతాయి. రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే విడదీసిన శ్రమంతా దండగ.

ప్రింటర్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. గెస్ట్‌లో ఉన్న పరికరాలు ప్రధాన నెట్‌వర్క్‌లోని వాటికి కనిపించకుండా రౌటర్లు మామూలుగా గోడ కడతాయి. ప్లగ్గులు ఇంటర్నెట్ ద్వారా పనిచేస్తాయి కాబట్టి వాటికి ఫరవాలేదు. ప్రింటర్ మాత్రం ల్యాప్‌టాప్‌కి కనపడకుండా పోతుంది. దానికి కేబుల్ పోర్టు ఉంటే నేరుగా రౌటర్‌కి వైరుతో కలపడం ఉత్తమం. లేదంటే యూఎస్‌బీ. రెండూ కుదరకపోతే, లేదా మీ రౌటర్ గెస్ట్‌కి వేరే సెక్యూరిటీ ఇవ్వకపోతే, పాచికల పాస్‌వర్డ్‌తో మిశ్రమ మోడ్‌కే స్థిరపడండి. ఇంటికి అది చాలు. జాబితాలో `TKIP` అనే పాత, బలహీనమైన పద్ధతి పేరు కనిపించే ఏ ఎంపికనీ మాత్రం ముట్టుకోకండి, ఒక్క ప్రింటర్ కోసమైనా సరే. డబ్ల్యూపీఏ2 అంటే `AES` ఉన్నదే.

మార్చేటప్పుడు

వీలైతే ల్యాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి కలిపి ఈ పని చేయండి. వైఫై మీద ఉండి వైఫై పాస్‌వర్డ్ మారిస్తే సేవ్ నొక్కిన క్షణంలో మీ కనెక్షనే తెగిపోతుంది. కొత్త పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకున్నాకే సేవ్ నొక్కండి.

వైఫై పేరు కూడా మార్చమంటాను. పాత పేరే ఉంచితే, పరికరాల్లో సేవ్ అయిన పాత వివరాల వల్ల కొన్ని "పాస్‌వర్డ్ తప్పు" అంటూ మొరాయిస్తాయి. కొన్ని ఆ పేరుతో ఎవరు డబ్ల్యూపీఏ2 పెట్టినా కలవడానికి ఇంకా సిద్ధంగా ఉంటాయి. కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ప్రతి పరికరంలో పాతదాన్ని ఫర్గెట్ కొట్టించండి. పేరులో మీ ఇంటి నంబరు, ఇంటిపేరు లేకుండా చూసుకోండి.

అదే పేజీల్లో ఎక్కడో, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో పరికరాన్ని కలిపే `WPS` ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూసే లోపం వల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో అది దొరికిపోతుందని 2011లోనే తేలింది. పిన్ దొరికితే ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా అదే బయటికి వచ్చేస్తుంది. డబ్ల్యూపీఏ2 నెట్‌వర్క్‌కి `Protected Management Frames` అనే ఎంపిక కనిపిస్తే `Capable` లేదా `Optional` పెట్టండి. కనెక్షన్ తెంచే దొంగ సందేశాలు, ఆ సదుపాయం ఉన్న పరికరాల దగ్గర చెల్లవు.

పని అయ్యాక ల్యాప్‌టాప్‌లో సరిచూసుకోండి.

```
netsh wlan show interfaces
```

`Authentication` పక్కన `WPA3-Personal` అని ఉండాలి. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కిపట్టి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే సెక్యూరిటీ రకం కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆ నెట్‌వర్క్ వివరాల్లో ఉంటుంది. మిశ్రమ మోడ్‌లో, డబ్ల్యూపీఏ3 పలికే ల్యాప్‌టాప్ కూడా `WPA2-Personal` అనే చూపిస్తుంటే, పాత వివరాలే వాడుతోందని అనుమానించండి. ఫర్గెట్ కొట్టి మళ్లీ కలిపితే చాలాసార్లు సరిపోతుంది.

ఇంటికి వచ్చినవాళ్లకి 29 అక్షరాలు చదివి వినిపించక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో వైఫై వివరాల్లో షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, వాళ్లు కెమెరాతో స్కాన్ చేసుకుంటారు. క్యూఆర్ తయారుచేసిపెట్టే వెబ్‌సైట్లలో మాత్రం పాస్‌వర్డ్ కొట్టకండి. ఇక ఆ కాగితాన్ని రౌటర్ అడుగున అంటించినా నాకు అభ్యంతరం లేదు. మీ ఇంట్లోకి వచ్చి రౌటర్ తిరగేసి చూసేవాళ్లని ఆపడం వైఫై పాస్‌వర్డ్ పని కాదు.